సర్జికల్ గ్లవ్స్ సైజు: అరచేయి కొలిచి మీ అర సైజు తేల్చుకోవడం ఎలా

ఓటీలో కొత్తగా చేరినవాళ్లను స్క్రబ్ సిస్టర్ "సైజెంత?" అని అడిగితే, ఎక్కువమంది పక్కనున్నవాళ్లు వేసుకున్న సైజే చెప్పేస్తారు. మగవాళ్లయితే ఏడున్నర, ఆడవాళ్లయితే ఆరున్నర అనేది వాడుక. చాలామందికి అది సరిపోతుంది కూడా. సరిపోనివాళ్లు మాత్రం రెండు గంటల కేసు అయ్యాక వేళ్లు తిమ్మిరెక్కితే అలసట అనుకుంటారు, ముడి వేసేటప్పుడు వేలికొసన రబ్బరు ఇరుక్కుంటే తమ చేతివాటం బాగోలేదనుకుంటారు. రెండూ చాలాసార్లు అర సైజు తేడాతో వచ్చేవే. స్కేలు, టేపు, మూడు సైజుల గ్లవ్స్ దగ్గరుంటే ఒక పూటలో మీ సైజు తేల్చుకోవచ్చు.

ప్యాకెట్ మీద అంకె దేన్ని చెబుతుంది

సర్జికల్ గ్లవ్ సైజు అంటే గ్లవ్ అరచేతి భాగం చుట్టుకొలత, అంగుళాల్లో. 7 సైజు గ్లవ్‌ను బల్ల మీద పరిచి వెడల్పు కొలిస్తే 89 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందు వైపు 89, వెనక వైపు 89, కలిపితే 178. అంగుళానికి 25.4 మి.మీ. చొప్పున సరిగ్గా 7 అంగుళాలు. స్టెరైల్ రబ్బరు సర్జికల్ గ్లవ్స్‌కు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10282లోనూ, యూరప్ ప్రమాణం ఈఎన్ 455లోనూ కొలతలు ఇలా ఉన్నాయి:

| సైజు | పరిచిన గ్లవ్ వెడల్పు (మి.మీ.) | అనుమతించిన తేడా (మి.మీ.) | చుట్టుకొలత సుమారు (మి.మీ.) |
|---|---|---|---|
| 6 | 77 | ±5 | 154 |
| 6.5 | 83 | ±5 | 166 |
| 7 | 89 | ±5 | 178 |
| 7.5 | 95 | ±5 | 190 |
| 8 | 102 | ±6 | 204 |
| 8.5 | 108 | ±6 | 216 |

ఒక అర సైజు పెరిగితే వెడల్పు ఆరేడు మిల్లీమీటర్లు, చుట్టుకొలత అర అంగుళం, అంటే దాదాపు 12.7 మి.మీ. పెరుగుతుంది. పూర్తి సైజు పెరిగితే ఒక అంగుళం తేడా. చేతి చుట్టూ ఒక అంగుళం అంటే చాలా ఎక్కువ. అందుకే వార్డులో వాడే ఎగ్జామినేషన్ గ్లవ్స్‌లో స్మాల్, మీడియం, లార్జ్‌లతో పని నడిచినా, సర్జరీ గ్లవ్స్‌ను అర సైజుల్లో తయారు చేస్తారు.

ఈ పట్టికను చాలామంది తప్పుగా చదివే చోటు ఒకటుంది. ఇందులోని వెడల్పు గ్లవ్‌ది, చేతిది కాదు. అరచేయి 83 మి.మీ. వచ్చింది కదా అని నేరుగా 6.5 తీసుకుంటే, పరిచిన గ్లవ్‌కు మందం లేదనీ చేతికి ఉందనీ మరిచిపోయినట్టే. ఆ మందం చుట్టూ కూడా గ్లవ్ తిరగాలి. కొన్ని కంపెనీలు తమ చార్టుల్లో అరచేతి వెడల్పు పక్కనే సైజు వేస్తాయి, మరికొన్ని చుట్టుకొలత వేస్తాయి. చార్టు చూసేముందు అది ఏ కొలత అడుగుతోందో చూసుకోవాలి. వెడల్పు చార్టును నమ్మినవాళ్లకు గ్లవ్స్ తరచుగా బిగుతవుతాయి. చుట్టుకొలతను ఉన్నదున్నట్టు నమ్మినవాళ్లకు వదులవుతాయి, ఎందుకంటే రబ్బరు కొంత సాగి చేతిని పట్టుకుంటేనే అది సర్జికల్ గ్లవ్‌లా పనిచేస్తుంది.

చేతిని కొలవడం

రెండు కొలతలూ తీయండి. ఉంగరాలు తీసేయండి. బరువులు మోసిన వెంటనే, వేడినీళ్లలో చేతులు పెట్టిన వెంటనే కొలవకండి, ఆ కాసేపు చేయి ఉబ్బి ఉంటుంది. కుడి, ఎడమ రెండూ కొలవండి. ఎక్కువ పనిచేసే చేయి చాలామందిలో కొంచెం పెద్దదిగా ఉంటుంది. గ్లవ్స్ జతగా ఒకే సైజులో వస్తాయి కాబట్టి పెద్ద చేతి కొలతే తీసుకోవాలి.

మొదటిది వెడల్పు. తెల్లకాగితం మీద అరచేయి ఆనించి నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చండి, బొటనవేలిని మాత్రం పక్కకు వదిలేయండి. చేతిని కాగితానికేసి అదమకండి, అదిమితే మెత్తటి భాగం పక్కలకు పరుచుకుని రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. చూపుడువేలు మొదట్లో, పిడికిలి బిగిస్తే పైకి తేలే కణుపు పక్కన పెన్సిల్‌ను నిలువుగా పట్టి ఒక గీత పెట్టండి. చిటికెనవేలి మొదట్లోని కణుపు పక్కన ఇంకో గీత. ఈ రెండింటి మధ్య దూరమే అరచేతి వెడల్పు. పెన్సిల్ వాలితే లెక్క మారిపోతుంది, నిలువుగా ఉందో లేదో ఒకసారి పక్కనుంచి చూసుకోండి.

రెండోది చుట్టుకొలత. దర్జీ టేపును అవే కణుపుల మీదుగా, బొటనవేలిని వదిలేసి చేతి చుట్టూ తిప్పండి. చేయి చాచి, వేళ్లు సహజంగా దగ్గరగా ఉంచాలి. టేపు చర్మానికి తాకాలి గానీ చర్మంలోకి దిగకూడదు. టేపు లేకపోతే సన్నటి కాగితపు పట్టీ చుట్టి, కలిసిన చోట గీత పెట్టి స్కేలు మీద పరిచి కొలవండి. నూలుదారంతో వద్దు, లాగితే సాగుతుంది.

దీంతోపాటు మధ్యవేలు పొడవును కూడా ఒకసారి గమనించండి. అంకె కోసం కాదు, తర్వాత గ్లవ్ తొడిగినప్పుడు వేలికొస దగ్గర ఏం జరుగుతుందో అర్థం కావడానికి. అరచేయి సన్నగా, వేళ్లు పొడుగ్గా ఉన్నవాళ్లకూ, అరచేయి వెడల్పుగా వేళ్లు పొట్టిగా ఉన్నవాళ్లకూ ఒకే అంకె వచ్చినా గ్లవ్ ఒకేలా కూర్చోదు.

రెండు కొలతల నడుమ మీ సైజు

ఒక పీజీ డాక్టర్ చేయి తీసుకుందాం. కుడి అరచేయి వెడల్పు 84 మి.మీ., చుట్టుకొలత 200 మి.మీ.

వెడల్పు నుంచి: 84ను రెండింతలు చేస్తే 168. దాన్ని 25.4తో భాగిస్తే 6.6. చుట్టుకొలత నుంచి: 200ను 25.4తో భాగిస్తే 7.9. వెడల్పు ఆరున్నర అంటోంది, టేపు ఎనిమిది అంటోంది. రెండూ కలిపి సగం చేస్తే 7.25. అంటే తొడిగి చూడాల్సిన సైజులు 7, 7.5. వాటికి పైన 8 కూడా పక్కన పెట్టుకోవాలి, పోల్చి చూడటానికి.

ఈ సగటు లెక్క ఏ ప్రమాణంలోనూ రాసి లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే పని సూత్రం మాత్రమే. కానీ ఓటీ వాడుకతో బాగా కలుస్తుంది. అరచేయి 75 మి.మీ., చుట్టుకొలత 180 మి.మీ. ఉన్న చేతికి వెడల్పు 5.9, టేపు 7.1 ఇస్తాయి. సగటు ఆరున్నర, సరిగ్గా అలాంటి చేతులవాళ్లు ఎక్కువగా అడిగే సైజే.

ఇప్పుడు పీజీ డాక్టర్ చేతి మీదే మూడు సైజుల్లో రబ్బరు ఎంత సాగుతుందో చూడండి. 7 గ్లవ్ చుట్టుకొలత 178 మి.మీ. 200 మి.మీ. చేతి మీదికి రావాలంటే అది దాదాపు 12 శాతం సాగాలి. 7.5 గ్లవ్ 190 మి.మీ., అది 5 శాతం సాగితే చాలు. 8 గ్లవ్ 204 మి.మీ., అసలు సాగాల్సిన పనే లేదు, అరచేతి దగ్గర చేతికన్నా అదే పెద్దది.

అర సైజు విలువంతా ఈ మూడు అంకెల్లోనే కనిపిస్తుంది. ఏడు నుంచి ఏడున్నరకు మారగానే రబ్బరు సాగాల్సింది సగానికన్నా తగ్గిపోయింది. ఏడున్నర నుంచి ఎనిమిదికి మారగానే పట్టు పూర్తిగా పోయింది. స్టోర్‌లో పూర్తి సైజులే ఉంటే ఈ డాక్టర్‌కు బిగుతు, వదులు తప్ప మూడో దారి లేదు.

ఆ 12 శాతం పెద్ద సంఖ్యలా కనిపించకపోవచ్చు. చేయి కదలకుండా ఉంటే నిజంగానే ఇబ్బంది లేదు. కానీ ఆపరేషన్‌లో చేయి కదలకుండా ఉండదు. నీడిల్ హోల్డర్ తెరిచిన ప్రతిసారీ, రిట్రాక్టర్ కోసం వేళ్లు చాచిన ప్రతిసారీ, అప్పటికే సాగి ఉన్న రబ్బరును బొటనవేలి మొదట్లోని కండరాలు మరింత సాగదీయాలి, వేళ్లను మళ్లీ దగ్గరికి లాగేస్తున్న ఆ బలానికి ఎదురు నిలబడాలి. ఇది వందలసార్లు జరుగుతుంది. గంట గడిచేసరికి బొటనవేలి దిబ్బ నొప్పి పెడుతుంది. వేళ్ల చుట్టూ అదే ఒత్తిడి నిలకడగా ఉంటే కొసల్లో స్పర్శ మందగిస్తుంది, తిమ్మిరి వస్తుంది.

తొడిగి తేల్చుకోవడం

కొలత మీకు రెండు సైజులు చూపిస్తుంది, ఒకటి ఎంచేది చేయి. పరీక్షకు కొత్త ప్యాకెట్లు చింపనవసరం లేదు. గడువు తీరినవి, ప్యాకింగ్ చిరిగి స్టెరిలిటీ పోయినవి ఏ ఓటీలోనైనా కొన్ని పక్కన పడి ఉంటాయి, అవి తీసుకోండి. అవి మళ్లీ వాడకంలో కలవకుండా పరీక్ష అవగానే పారేయాలి. మరీ పాతబడి జిగటగా, పెళుసుగా మారినవి మాత్రం పనికిరావు, వాటి సాగే గుణమే మారిపోయి ఉంటుంది.

చేతులు పూర్తిగా ఆరాక తొడగండి. చాలామంది సరైన సైజును చిన్నదని పొరబడేది ఇక్కడే. స్క్రబ్ తర్వాత తడి మిగిలినా, ఆల్కహాల్ రబ్ ఆరకముందే తొడిగినా గ్లవ్ చర్మానికి అతుక్కుని వేళ్లు కొస దాకా వెళ్లవు. వేళ్ల మధ్య సందుల్లో ఖాళీ మిగిలిపోతుంది, లాగితే చిరుగుతుంది కూడా. గోళ్లు కత్తిరించి ఉండాలి. కుడి ఎడమలు చూసి తొడగండి. సర్జికల్ గ్లవ్‌లో బొటనవేలు అరచేతి ముందుకు వాలి ఉంటుంది, మార్చి తొడిగితే ఏ సైజైనా బొటనవేలిని వెనక్కి లాగుతుంది.

తొడిగాక ముందు వేళ్ల మధ్య సందుల్లోకి రబ్బరును నొక్కి సర్దుకోండి. తర్వాత వేలికొసలు చూడండి. చూపుడువేలి కొసన మిగిలిన రబ్బరును రెండో చేత్తో గిల్లి పట్టుకోండి. ఏమీ చిక్కకపోతే, లేదా గోటి అంచు దాకా రబ్బరు లాగి పట్టినట్టుంటే పొడవు చాలలేదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు చిక్కి వదలగానే చదునుగా కూర్చుంటే బాగుంది. గిల్లినప్పుడు చిన్న తోకలా నిలబడితే వదులు. ఈ పరీక్షలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ముఖ్యం. పని చేసేవి అవే. చిటికెనవేలి కొసన కాస్త మిగిలినా నష్టం లేదు.

ఆ తర్వాత పిడికిలి గట్టిగా బిగించండి. చేతి వెనక కణుపుల మీద రబ్బరు పల్చబడి తెల్లబారితే, కఫ్ మణికట్టు నుంచి వేళ్ల వైపు జరిగితే గ్లవ్ చిన్నది. వేళ్లన్నీ చాచండి. చాచి ఉంచడానికి ప్రయత్నం చేయాల్సి వస్తోందా, వదలగానే వేళ్లు వాటంతటవే దగ్గరికి వచ్చేస్తున్నాయా చూడండి. బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించండి. అరచేతి మధ్యలో మడతలు పడి గుత్తిలా పోగైతే పెద్దది. సన్నటి గీతలు ఒకటి రెండు పడటం మామూలే.

ఇక అసలు పరీక్ష పని చేయడం. కుర్చీ చేతికో టేబుల్ కాలికో సిల్క్ దారం కట్టి ముడులు వేయండి, ఒంటిచేత్తో కొన్ని, రెండు చేతులతో కొన్ని. ముడిని చూపుడువేలి కొసతో కిందికి నెట్టేటప్పుడు దృష్టంతా ఆ కొస మీద పెట్టండి. గ్లవ్ పెద్దదైతే వేలికన్నా ముందు రబ్బరు దారం కిందికి వెళ్తుంది. వేలు వెనక్కి తీయగానే రబ్బరు అంచు ముడిలో చిక్కుకుని సాగి వస్తుంది. తర్వాత నీడిల్ హోల్డర్‌ను పదే పదే బిగిస్తూ విప్పుతూ ఉండండి. పళ్లచక్రం దగ్గర వదులు రబ్బరు నలిగితే వెంటనే తెలుస్తుంది. గ్లవ్‌కు కనిపించని రంధ్రాలు పడే దారుల్లో ఇదొకటి.

కనీసం అరగంట అలాగే ఉంచుకోండి. వదులు తొడిగిన క్షణంలోనే బయటపడుతుంది, బిగుతు మాత్రం ఆలస్యంగా బయటపడుతుంది. చిన్న గ్లవ్ మొదటి అయిదు నిమిషాలు చాలా బాగుంటుంది, చర్మంలా అతుక్కుని ఉందనిపిస్తుంది. చాలామంది ఆ అయిదు నిమిషాల అనుభవంతోనే అర సైజు చిన్నది ఎంచుకుంటారు. అరగంట తర్వాత విప్పి మణికట్టు చుట్టూ, వేళ్ల మొదళ్లలో లోతుగా పడిన అచ్చులు చూడండి. వేలికొసలు పాలిపోయి ఉన్నాయా, విప్పగానే జివ్వుమన్నాయా గమనించండి. ఈ గుర్తులుంటే అర సైజు పైకి వెళ్లాలి.

మన పీజీ డాక్టర్ విషయానికొస్తే, 7లో వేలికొసలు చక్కగా కూర్చుంటాయి, కానీ అరగంటకు బొటనవేలి మొదట్లో లాగుడు మొదలవుతుంది. 7.5లో అరచేయి హాయిగా ఉంటుంది, చిటికెనవేలి కొసన కాస్త రబ్బరు మిగులుతుంది, చూపుడువేలు చదునుగానే ఉంటుంది. ఇక్కడ సమాధానం ఏడున్నర. అదే 7.5లో చూపుడువేలి కొసన కూడా తోక నిలబడి ఉంటే, ఆ డాక్టర్‌వి వెడల్పు అరచేయి, పొట్టి వేళ్లు అన్నమాట. అప్పుడు సైజు మార్చినందువల్ల రెండు బాధల్లో ఒకటే తీరుతుంది. వేరే కంపెనీ 7 లేదా 7.5 చూడటమే మంచి దారి, ఎందుకంటే వేళ్ల పొడవు, ఆకారం కంపెనీని బట్టి మారతాయి. పొడుగు వేళ్లు, సన్నటి అరచేయి ఉన్నవాళ్లకు దీనికి తిరగబడి ఉంటుంది. అరచేయి దగ్గర సరిపోయిన గ్లవ్ వేళ్ల సందుల్లోకి దిగదు, పిడికిలి బిగిస్తే కొసలు లాగుతాయి. వాళ్లకు అర సైజు పెద్దది తీసుకుని అరచేతిలో కొద్దిపాటి మడతను భరించడమే తరచుగా మేలు.

ఒక హెచ్చరిక. గ్లవ్ బిగుతువల్ల వచ్చిన తిమ్మిరి విప్పిన కాసేపటికే పోవాలి. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోవడం కావచ్చు, దాన్ని గ్లవ్ సైజు మార్చి సరిచేయలేరు, చూపించుకోవాలి. అలాగే చేతుల వెనక దురద, ఎర్రటి దద్దుర్లు సైజువల్ల రావు. అవి రబ్బరులోని రసాయనాలకో లేటెక్స్‌కో వచ్చే ఎలర్జీ కావచ్చు.

అదే అంకె, వేరే బ్రాండ్

పైన పట్టికలో మూడో గడిని మళ్లీ చూడండి. 7 సైజుకు ±5 మి.మీ. తేడా ఒప్పుకుంటారు, అంటే 84 నుంచి 94 దాకా ఎంతున్నా అది ఏడే. ఏడున్నర 90 నుంచి 100 దాకా ఉండొచ్చు. 90 నుంచి 94 దాకా రెండూ ఒకదాని మీదికొకటి వస్తున్నాయి. ఒక కంపెనీ 7 సైజు ఇంకో కంపెనీ 7.5 కన్నా వెడల్పుగా ఉండి కూడా రెండూ ప్రమాణానికి లోబడే ఉండగలవు. కొత్త టెండర్ వచ్చి గ్లవ్స్ మారిన వారంలో "ఈ సైజులు తప్పుగా ముద్రించారు" అనే ఫిర్యాదు వినిపించడానికి కారణం చాలావరకు ఇదే.

అందుకని బ్రాండ్ మారినప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పరిచి స్కేలుతో కొలవండి. కొలవాల్సిన చోటు చూపుడువేలి మొదలుకూ బొటనవేలి మొదలుకూ సరిగ్గా మధ్యలో, గ్లవ్‌కు అడ్డంగా. రబ్బరును లాగకుండా, గాలి లేకుండా పరచాలి. ఒక్క గ్లవ్ కొలిచి నిర్ణయించకండి, మూడు నాలుగు ప్యాకెట్లవి చూడండి. కొత్తది నాలుగైదు మిల్లీమీటర్లు తక్కువ వస్తే మీరు అర సైజు పైకి వెళ్లాల్సి రావచ్చు.

రబ్బరు రకం మారినా అంతే. సహజ లేటెక్స్ తేలిగ్గా సాగుతుంది. లేటెక్స్ ఎలర్జీ ఉన్నచోట వాడే కృత్రిమ రకాల్లో పాలీఐసోప్రీన్ దాదాపు లేటెక్స్‌లాగే ఉంటుంది, నియోప్రీన్ గ్లవ్స్ చాలావాటిలో కాస్త గట్టిగా తెలుస్తాయి. కొలతలు ఒకటే అయినా, అదే 5 శాతం సాగడానికి గట్టి రబ్బరు చేతిని ఎక్కువ బలంతో నొక్కుతుంది. లేటెక్స్‌లో 7 హాయిగా ఉన్నవాళ్లు నియోప్రీన్‌లో 7.5 అడగడం అందుకే సాధారణం. లేటెక్స్‌లో తేలిన సైజును కృత్రిమ గ్లవ్‌కు అలాగే రాసేసుకోకుండా అరగంట పరీక్ష మళ్లీ చేయండి.

రెండు జతలు తొడిగినప్పుడు

ఎముకల ఆపరేషన్లలో, ఇన్ఫెక్షన్ ప్రమాదం ఉన్న కేసుల్లో రెండు జతలు వేసుకుంటారు. రెండూ ఒకే సైజు వేసుకుంటే బిగుతని చాలామంది అంటారు. లోపలి గ్లవ్ మందం వల్ల చేయి పెద్దదవుతుందని దానికి చెప్పే కారణం మాత్రం సరికాదు. 0.2 మి.మీ. మందం ఉన్న గ్లవ్ చేతి చుట్టుకొలతను ఒకటింబావు మిల్లీమీటరు మాత్రమే పెంచుతుంది. అర సైజు అంటే 12.7. అసలు కారణం రెండు రబ్బర్లు ఒకదానిపై ఒకటి సాగి, రెండింటి ఒత్తిడీ కలిసి చేతి మీద పడటం.

దీనికి ఎక్కువగా పాటించే పద్ధతి: లోపలిది మీ సైజు కన్నా అర సైజు పెద్దది, పైది మీ అసలు సైజు. ఏడున్నర వేసుకునే డాక్టర్ లోపల 8, పైన 7.5 వేసుకుంటారు. లోపలి 8 దాదాపు సాగకుండా ఉండిపోతుంది, కాబట్టి చేతిని నొక్కేది ఒక్క పై గ్లవ్వే. లోపలిదానిలో మిగిలిన రబ్బరును పైది చదునుగా అణిచిపెడుతుంది, పనిముట్లకు తగిలేది కొసలు సరిగ్గా కూర్చున్న పై గ్లవ్ కాబట్టి ముడిలో చిక్కదు. కొందరికి లోపల తమ సైజు, పైన అర సైజు పెద్దది బాగుంటుంది, ముఖ్యంగా మధ్యలో పై జత మాత్రం తరచూ మార్చుకునేవాళ్లకు, ఎందుకంటే పెద్దది త్వరగా ఎక్కుతుంది. అయితే వదులైన కొస బయట ఉంటుంది కాబట్టి సన్నటి దారాలతో పనిచేసేవాళ్లకు అది నచ్చదు. లోపలిది ఒకేసారి పూర్తి సైజు పెద్దది వేసుకోవడం మాత్రం వద్దు. మిగిలిన రబ్బరు పై గ్లవ్ కింద మడతపడి వేలికొసన గట్టిగా తగులుతుంది, స్పర్శ తగ్గుతుంది.

లోపలికి పచ్చ లేదా నీలి రంగు గ్లవ్ వాడే పద్ధతిలో ఇంకో లెక్క ఉంది. పై గ్లవ్‌కు రంధ్రం పడితే లోపలికి దిగిన ద్రవం రంగును ముదురు మచ్చలా చూపిస్తుంది. పై గ్లవ్ వదులుగా ముడతలు పడి ఉంటే ఆ మచ్చ ముడతల నీడలో సులువుగా కంటపడదు.

కఫ్ దగ్గర

సైజు అరచేతిని బట్టే నిర్ణయమైనా, సరిపోలేదని చాలాసార్లు తెలిసేది మణికట్టు పైన. 7, 7.5, 8 సైజుల గ్లవ్స్ కనీసం 270 మి.మీ. పొడవుండాలి. అంచు గౌను కఫ్ మీదికి పూర్తిగా ఎక్కి అల్లిక భాగాన్ని కప్పాలి. గ్లవ్ పెద్దదైతే అంచు పట్టు లేక కేసు మధ్యలో చుట్టుకుంటూ కిందికి దిగి గౌను కఫ్ బయటపడుతుంది. చిన్నదైతే వేళ్లు కొస దాకా వెళ్లడానికే పొడవు ఖర్చయిపోయి కఫ్‌కు చాలదు, అంచు ముంజేతిని కోసినట్టు పట్టుకుంటుంది. కఫ్ ఒక్కటే దిగుతూ, వేళ్లూ అరచేయీ చక్కగా ఉంటే సైజు మార్చకండి. గౌను కఫ్ తడిసి జారుతోందేమో, అది గ్లవ్ లోపల మడతపడిందేమో ముందు చూడండి.

ఓటీలో సైజుల జాబితా, ఇండెంట్

తేలిన సైజును ఎక్కడో రాసి పెట్టకపోతే ఇంత కొలిచీ ఫలితం ఉండదు. స్క్రబ్ ఏరియాలో ఒక కాగితం అంటించి, ప్రతి ఒక్కరి పేరు ఎదుట మూడు గడులు పెట్టండి: ఒక జతకు సైజు, రెండు జతలకు లోపలిది పైది, కృత్రిమ రబ్బరులో సైజు. మన డాక్టర్ వరుస "7.5 / లోపల 8, పైన 7.5 / నియోప్రీన్ 8" అని ఉండొచ్చు. కాగితం పైన ఏ కంపెనీ గ్లవ్‌తో ఈ సైజులు తేల్చారో రాయండి. బ్రాండ్ మారిన రోజు ఆ వరుసలు మళ్లీ చూసుకోవాలని అది గుర్తుచేస్తుంది.

స్టోర్‌కు ఇండెంట్ రాసేది కూడా ఈ జాబితా నుంచే కావాలి. గత నెల ఏది ఎంత ఖర్చయిందో చూసి రాస్తే ఒక పొరపాటు ఏళ్ల తరబడి సాగుతుంది: 7.5 అయిపోయిన వారంలో అందరూ 8 వాడతారు, వచ్చే నెల 8 ఎక్కువ తెప్పిస్తారు, 7.5 ఇంకా తగ్గుతుంది. రెండు జతలు తొడిగే విభాగమైతే లోపలి సైజులను విడిగా లెక్కపెట్టాలి. ఏడున్నర వేసుకునేవాళ్లు నలుగురున్నచోట ఎనిమిది సైజు చేయి ఉన్నవాళ్లు ఒక్కరూ లేకపోయినా రోజూ 8 కావాలి. ఆరున్నర వాళ్లకు లోపల 7 కావాలి. లెక్కలో ఇది లేకపోతే లోపలికి పెట్టాల్సిన సైజు దొరక్క రెండు జతలూ ఒకే సైజు తొడిగి బిగుతుగా ఉందంటారు, కొందరు విసిగి రెండో జతే మానేస్తారు.

మీ సైజు ఆ రోజు లేకపోతే పక్క అర సైజుల్లో ఏది తీసుకోవాలన్నది కేసును బట్టి ఉంటుంది. అరగంటలో అయ్యే పని, సన్నటి దారాలు, వేలికొస స్పర్శ ముఖ్యమైన కేసు అయితే అర సైజు చిన్నది ఆ కాసేపు నెగ్గుకొస్తుంది. రెండు మూడు గంటల కేసైతే అర సైజు పెద్దదే తీసుకోండి. వేళ్ల సందులు బాగా సర్దుకుని, కఫ్‌ను గౌను మీదికి పూర్తిగా లాగి, నీడిల్ హోల్డర్ బిగించే ప్రతిసారీ కొసన రబ్బరు నలగకుండా చూసుకోవాలి. ఒంటి బరువు, చేతి వాపు మారినప్పుడు, గర్భం సమయంలో, చేతికి గాయమో ఆపరేషనో అయ్యాక మళ్లీ కొలవండి. ఆ రోజుల్లో నిన్న సరిపోయిన ఆరున్నర ఈరోజు ఏడు కావచ్చు.